బ్యాంకు వాళ్ల ముందు పొదుపు సంఘం లెక్కలు: మూడు షీట్లు చాలు

ప్రశ్న: మాది వరంగల్ దగ్గర ఊరు. పది మందిమి ఉన్న పొదుపు సంఘం, పెట్టి ఐదేళ్లయింది. నేను రెండో లీడర్‌ని. మూడు లక్షల బ్యాంకు అప్పులో ఇంకా రెండు కిస్తులే ఉన్నాయి, ఈసారి ఆరు లక్షలు అడుగుదామనుకుంటున్నాం. మేనేజర్ సారు, ఫీల్డ్ ఆఫీసర్ సారు వచ్చే వారం మా మీటింగుకు వస్తామన్నారు. లెక్కలు చార్టుల మీద వేసి చూపించమని మా సంఘాలను చూసుకునే సీసీ మేడం చెప్పింది. పుస్తకాలు ఉన్నాయి కానీ ఏది ఎలా గీయాలో తెలియట్లేదు. పోయిన వానాకాలం రెండు నెలలు కిస్తు తప్పింది, అది చూపించాలా వద్దా అని టెన్షన్‌గా ఉంది. మా అమ్మాయికి ఎక్సెల్ కొంచెం వచ్చు.

సమాధానం:

ముందు మీ టెన్షన్ సంగతి చూద్దాం. తప్పిన రెండు నెలలు తప్పకుండా చూపించండి. నేను బ్యాంకులో ఫీల్డ్ ఆఫీసరుగా చాలా ఏళ్లు సంఘాల అప్పులే చూశాను. ఊరికి బయలుదేరే ముందు మేము చేసే మొదటి పని ఆ సంఘం అప్పు ఖాతా తెరిచి చూసుకోవడం. కిస్తు ఏ నెలలో పడింది, ఏ నెలలో పడలేదు అన్నది జేబులో పెట్టుకునే వస్తాం. ఆ రెండు నెలలు మీ చార్టులో కనబడకపోతే మిగతా పది నెలల మీద కూడా అనుమానం వస్తుంది. కనబడి, పక్కన కారణం, ఎప్పుడు తీర్చారన్నది రాసి ఉంటే రెండు మాటల్లో ఆ విషయం అయిపోతుంది.

గీయడం చివరి పని. దానికి ముందు ఒకరోజు కూర్చుని మీ పుస్తకాలను బ్యాంకు లెక్కతో సరిచూసుకోవాలి. చాలా సంఘాలు చార్టులు బ్రహ్మాండంగా వేస్తాయి, తీరా మేనేజర్ తెచ్చిన స్టేట్‌మెంట్‌తో అంకె కలవదు. అప్పుడిక చార్టును ఎవరూ చూడరు, తేడా ఎక్కడుందని వెతకడంతోనే మీటింగు గడిచిపోతుంది.

ఒక తేదీ పెట్టుకోండి. మార్చి 31 అనుకుందాం. అన్ని షీట్లూ ఆ తేదీ వరకే ఉండాలి. పొదుపు మార్చి వరకు, అప్పులు ఏప్రిల్ మీటింగు వరకు అని వేస్తే రెండూ ఎప్పటికీ కలవవు. బ్యాంకుకు వెళ్లి పొదుపు ఖాతా పాస్‌బుక్ ఎంట్రీ వేయించుకుని, అప్పు ఖాతా స్టేట్‌మెంట్ కూడా అడిగి తీసుకోండి. రెండోది చాలామంది అడగరు. అసలు తేడాలు ఉండేది అందులోనే.

నాకు ఎక్కువగా కనబడిన తేడాలు మూడు. మొదటిది తేదీ. మీరు కిస్తు డబ్బు పదో తారీఖు మీటింగులో వసూలు చేస్తారు, పుస్తకంలో పదో తారీఖు రాసుకుంటారు. లీడర్ వెళ్లి బ్యాంకులో కట్టేది పద్దెనిమిదో తారీఖు. బ్యాంకు దృష్టిలో కట్టింది పద్దెనిమిదినే. చార్టులో బ్యాంకు తేదీయే వేయాలి.

రెండోది ఇంకా ఇబ్బందైనది. డబ్బు కట్టారు, కానీ అది పొదుపు ఖాతాలో పడింది. అక్కడి నుంచి అప్పు ఖాతాకు మారలేదు. బ్యాంకు మిత్ర దగ్గర కట్టినప్పుడు ఇది ఎక్కువగా జరుగుతుంది. మీ దగ్గర రసీదు ఉంటుంది, పాస్‌బుక్‌లో డబ్బు ఉంటుంది, అప్పు ఖాతాలో మాత్రం బాకీ నడుస్తుంటుంది. మీకు తప్పిన రెండు నెలల్లో ఇలాంటిది ఏమన్నా ఉందేమో చూసుకోండి. ఉంటే పాస్‌బుక్ పేజీ జిరాక్స్ ఆ షీటుకు జతచేయండి. ఇకముందు ప్రతి నెలా డబ్బు పొదుపు ఖాతా నుంచి అప్పు ఖాతాకు తనంతట తనే మారేలా బ్యాంకులో ఒక కాగితం రాసివ్వండి.

మూడోది మీరు కట్టని డబ్బు అప్పు ఖాతాలో జమ కావడం. వడ్డీ రాయితీ వచ్చినప్పుడు అలా కనబడుతుంది. దాన్ని మీ కిస్తుల్లో కలిపి లెక్కపెట్టకండి, విడిగా ఒక లైనులో రాయండి. అలాగే మిగిలిన బాకీ ఎంతో మీరు లెక్కగట్టొద్దు. కిస్తు ఆలస్యమైనప్పుడు వడ్డీ కొంచెం పెరుగుతుంది కాబట్టి మీ లెక్కకూ బ్యాంకు లెక్కకూ కొంత తేడా వస్తుంది. స్టేట్‌మెంట్‌లో చివర ఉన్న అంకెనే దించండి.

ఇవి సరిపోయాక మూడు షీట్లు చాలు. మీ లెక్కలు నాకు తెలియవు కనుక అంకెలు నేను వేసుకుని చెబుతాను, వాటి చోట మీవి పెట్టుకోండి. నెలకు ఒక్కొక్కరి పొదుపు 200 రూపాయలు, బ్యాంకు అప్పు మూడు లక్షలు, 36 కిస్తులు, నెలకు 9,263 రూపాయలు అనుకుందాం. ఏడు శాతం వడ్డీకి కిస్తు దాదాపు అంత పడుతుంది.

మొదటి షీటు పొదుపుది. దీనికి గ్రాఫులు ఏమీ అక్కర్లేదు, గళ్ల పట్టిక చాలు. ఎడమవైపు పది మంది సభ్యులు, పైన ఏప్రిల్ నుంచి మార్చి దాకా పన్నెండు నెలలు, మొత్తం 120 గళ్లు. ఆ నెల మీటింగులోనే కట్టిన గడిని పూర్తిగా నింపండి. ఆలస్యంగా కట్టిన గడిలో ఏటవాలు గీత గీయండి. ఇంకా కట్టనిది ఖాళీగా వదిలేయండి. ఆకుపచ్చ, ఎరుపు, పసుపు రంగులు వేయాలని అమ్మాయి అంటుంది, కానీ మీ షీటును బ్యాంకులో జిరాక్స్ తీసి ఫైల్లో పెడతారు. నలుపు తెలుపులో ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియదు. నింపిన గడి, గీత, ఖాళీ అయితే ఎన్నిసార్లు జిరాక్స్ తీసినా తెలుస్తాయి.

మన ఉదాహరణలో 113 గళ్లు నిండాయి, ఐదింట్లో గీతలున్నాయి, రెండు ఖాళీ. ఐదు గీతలూ జూలై, ఆగస్టు నిలువు వరసల్లోనే ఉన్నాయి. ఖాళీ గళ్లు రెండూ ఒకే అడ్డ వరసలో ఉన్నాయి, ఆ సభ్యురాలు కూతురి కాన్పుకని రెండు నెలలు ఊళ్లో లేదు. ఇలా గళ్లలో పెడితే అధికారికి ఒక్క చూపులో రెండు సంగతులు తెలుస్తాయి. గీతలు నిలువుగా వరసకట్టాయంటే ఆ నెలలో ఊరికే ఏదో కష్టం వచ్చిందని అర్థం. అడ్డంగా వరసకట్టాయంటే అది ఒక మనిషి సమస్య. చుక్కలు చల్లినట్టు అన్ని వరసల్లో, అన్ని నెలల్లో గీతలుంటే మాత్రం సంఘంలో మీటింగులే సరిగ్గా జరగట్లేదని మేం అనుకుంటాం. మొత్తం పొదుపు ఎంతన్న అంకె చూస్తే ఇవేవీ తెలియవు.

సభ్యుల పేర్లు రాయాలా అని అడుగుతారేమో. గోడకు అంటించే షీటులో పేర్లు వద్దు, సభ్యత్వ నంబర్లు వేయండి. పది మందిలో ఫలానా ఆమె కట్టలేదని బ్యాంకు వాళ్ల ముందు పెద్దక్షరాల్లో చదివించడం బాగుండదు, తర్వాత అదే గొడవకు దారితీస్తుంది. ఆఫీసరుకు పేరు కావాలంటే లెడ్జర్ ఉంది కదా.

ఇదే షీటు కింద సంఘం మూలధనం పెట్టండి. పొదుపు మొత్తం ఒక్కటే మీ డబ్బు అనుకుంటే మీరే తక్కువ చేసుకున్నట్టు. ఆర్‌బీఐ సూచనల ప్రకారం సభ్యుల సొంత పొదుపు, సభ్యులకిచ్చిన అప్పుల మీద వచ్చిన వడ్డీ, రివాల్వింగ్ ఫండ్, ఇతర ఆదాయం అన్నీ కలిపితే మూలధనం. మన సంఘానికి ఐదేళ్ల పొదుపు 1,19,600 (1,20,000 రావాలి, ఆ రెండు ఖాళీ గళ్ల 400 తగ్గింది), అంతర్గత అప్పుల వడ్డీ 38,900, రివాల్వింగ్ ఫండ్ 15,000, బ్యాంకు వడ్డీ 2,700. పుస్తకాలు, ఆటో ఛార్జీల కింద ఖర్చు 4,700 తీసేస్తే 1,71,500 రూపాయలు.

ఆ పక్కనే ఈ డబ్బు ఇప్పుడు ఎక్కడుందో రాయండి. సభ్యుల దగ్గర అంతర్గత అప్పుల రూపంలో 1,38,000, బ్యాంకు పొదుపు ఖాతాలో 32,850, చేతిలో నగదు 650. కలిపితే మళ్లీ 1,71,500 రావాలి. ఇది రెండు పక్కలా పొడుగు సమానంగా ఉన్న రెండు కడ్డీల్లా గీయొచ్చు. ఎడమ కడ్డీ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతుంది, కుడి కడ్డీ ఎక్కడుందో చెబుతుంది. రెండూ సమానంగా రాకపోతే ఎక్కడో లెక్క తప్పింది, బ్యాంకు వాళ్లు వచ్చేలోపు మీకే తెలిసిపోతుంది. ఎక్కువసార్లు తేడా వచ్చేది రెండు చోట్ల: కిస్తు కట్టడానికి వసూలు చేసిన డబ్బు పొదుపు ఖాతాలో ఉండిపోయి సొంత డబ్బుగా లెక్కలోకి రావడం, లేదా సభ్యురాలు కట్టిన వడ్డీని అసలులో జమచేయడం. బ్యాంకు అప్పును ఈ కడ్డీల్లో కలపకండి, అది మీ డబ్బు కాదు.

రెండో షీటు అంతర్గత అప్పులది. ఒక్కో సభ్యురాలికి ఒక అడ్డ కడ్డీ, ఆమె దగ్గర ఇంకా ఉన్న అసలు ఎంతో అంత పొడవు. ఎనిమిది మంది దగ్గర 28,000, 24,000, 20,000, 18,000, 16,000, 14,000, 10,000, 8,000. కలిపితే పైన చెప్పిన 1,38,000. ఇద్దరు తీసుకోలేదు, వాళ్ల వరసలో కడ్డీ లేకుండా సున్నా రాయండి, వరస మాత్రం తీసేయొద్దు.

ఈ షీటులో మేం వెతికేది ఒకటే: డబ్బంతా లీడర్ల దగ్గరే ఉందా, అందరికీ తిరుగుతోందా? మొదటి లీడర్ కడ్డీ మిగతావాటికి మూడింతలుంటే ఎంత పొదుపున్నా మాకు గుబులే. అందుకే లీడర్ల కడ్డీల పక్కన చిన్న గుర్తు పెట్టండి, వాళ్లు అడగకముందే. కడ్డీలో గడువు దాటిన భాగం ఏదన్నా ఉంటే ఆ మేరకు గీతలు గీయండి.

అమ్మాయి ఎక్సెల్ ఈ షీటుకు పనికొస్తుంది. చార్టుల మెనూ జోలికి వెళ్లక్కర్లేదు. A2 గడిలో సభ్యురాలి నంబరు, B2 గడిలో అప్పు ఉంటే C2 గడిలో ఇది కొట్టమనండి:

```
=REPT("█",B2/2000)
```

ప్రతి రెండు వేలకు ఒక నల్లగడి పడుతుంది. 28,000 అప్పుకు పద్నాలుగు, 8,000 అప్పుకు నాలుగు. కింది వరసలన్నింటికీ లాగితే కడ్డీలు వచ్చేస్తాయి, ప్రింటు తీసినా జిరాక్స్ తీసినా చెదరవు. ఎక్సెల్ తనంతట తాను గీసే కడ్డీ చార్టుల్లో ఇంకో చిక్కుంది. కింద అంకె సున్నా నుంచి కాకుండా ఏ అయిదు వేల నుంచో మొదలైతే చిన్న అప్పు మరీ చిన్నగా, పెద్దది మరీ పెద్దగా కనబడుతుంది. కావాలని చేసినట్టు ఉంటుంది. ఏది వేసినా సున్నా నుంచే మొదలుపెట్టండి. గుండ్రటి చార్టు మాత్రం వద్దు. ఎనిమిది ముక్కల్లో 16,000 ఏదో 18,000 ఏదో ఎవరికీ తెలియదు.

మూడో షీటు మీ కేసుకు ముఖ్యమైనది, బ్యాంకు కిస్తులది. గ్రాఫ్ కాగితం తీసుకోండి, పిల్లల నోటుబుక్కు దుకాణంలో దొరుకుతుంది. ఒక్కో కిస్తుకు అర సెంటీమీటరు ఇస్తే 36 కిస్తులూ అటూ ఇటూ 18 సెంటీమీటర్లలో పడతాయి, ఏ4 కాగితంలో సరిపోతుంది. అడ్డంగా నెలలు, నిలువుగా కిస్తుల సంఖ్య. ప్రతి నెలా ఒక మెట్టు ఎక్కే చుక్కల గీత గీయండి, అది కట్టాల్సింది. దాని మీదే లావుపాటి గీత గీయండి, అది కట్టింది. నెల నెలా సరిగ్గా కడితే రెండు గీతలూ ఒకదానిమీద ఒకటి ఉంటాయి. తప్పినచోట లావు గీత మెట్టెక్కకుండా చదునుగా సాగిపోతుంది.

మన ఉదాహరణలో కిస్తు గడువు ప్రతి నెలా అయిదో తారీఖు. మార్చికి 34 కిస్తులు పూర్తి కావాలి. జూన్ వరకు 25 కిస్తులు సక్రమంగా పడ్డాయి. జూలై, ఆగస్టుల్లో పడాల్సిన 26, 27 కిస్తులు తప్పాయి, కాబట్టి లావు గీత 25 దగ్గరే ఆగింది. సెప్టెంబరు 5న రెండు కిస్తులు కట్టారు, గీత 27కు ఎక్కింది, కట్టాల్సింది మాత్రం 28. అక్టోబరు 5న మళ్లీ రెండు కట్టి 29కి చేరారు, అక్కడితో రెండు గీతలూ కలిశాయి. ఆ తర్వాత మార్చి దాకా విడిపోలేదు.

ఈ చదును భాగం పక్కన చిన్న అక్షరాల్లో మూడు విషయాలు రాయండి. ఎందుకు తప్పింది, ఎన్ని రోజులు, డబ్బు ఎక్కడి నుంచి తెచ్చి కట్టారు. ఉదాహరణకు ఇలా: "వానలు ఆలస్యమై నాట్లు పడలేదు, కూలి లేదు. జూలై 5 కిస్తు సెప్టెంబరు 5న కట్టాం, 62 రోజులు. నాట్లు, కలుపు పనుల కూలీతో అక్టోబరుకు అంతా తీర్చాం." మీ కారణం ఏదైతే అది రాయండి, వాన వంక పెట్టకండి. మొదటి షీటులో కూడా జూలై, ఆగస్టు వరసల్లోనే గీతలున్నాయి కదా, ఒక షీటు చెప్పిన మాటనే రెండోది ఖాయం చేస్తుంది. అదే కిస్తు తప్పిన నెలల్లో పొదుపు గళ్లన్నీ నిండి ఉంటే మేనేజర్ మొదటి ప్రశ్న అదే అడుగుతాడు: పొదుపుకు డబ్బు వచ్చినప్పుడు కిస్తుకు ఎందుకు రాలేదు? దానికి జవాబు ముందే సిద్ధం చేసుకోండి.

రోజులు ఎందుకు లెక్కపెట్టమంటున్నానంటే, కిస్తు అప్పులో బాకీ 90 రోజులు దాటితే ఖాతా మొండి బకాయిల్లోకి పోతుంది. అలా పోలేదని మీ కాగితం మీదే కనబడాలి. ఒకవేళ 90 దాటి ఉంటే అది కూడా రాయండి. అప్పుడు మాట్లాడాల్సింది వేరే ఉంటుంది, దానికి ఈ చార్టులు చాలవు. మీ గ్రామ సంఘం వాళ్లను, సీసీ మేడంను తోడు కూర్చోబెట్టుకోండి. మీది మూడు లక్షల కిస్తుల అప్పు కాకుండా క్యాష్ క్రెడిట్ ఖాతా అయితే మెట్ల బొమ్మ పనికిరాదు. దానికి నెల నెలా ఎంత వేశారు, ఎంత తీశారు, ఆ నెల వడ్డీ పడిన దానికి సరిపడా జమ ఉందా అన్నది చూపించాలి. పాస్‌బుక్ చూస్తే మీది ఏదో తెలుస్తుంది.

ఆరు లక్షల సంగతి. మూడో విడతలో కనీసం ఆరు లక్షలు ఇవ్వాలని జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ కింద ఆర్‌బీఐ సూచనలున్నాయి, అయితే అది మీ సూక్ష్మ రుణ ప్రణాళిక మీద, పాత అప్పు కట్టిన తీరు మీద ఆధారపడి ఉంటుంది. కట్టిన తీరుకు మూడో షీటు ఉంది. ప్రణాళికకు ఎవరు ఎంత, దేనికి అడుగుతున్నారో ఒక కాగితం ఉండాలి, అందులో పది మంది మొత్తాలు కూడితే సరిగ్గా తీర్మానంలో రాసిన అంకె రావాలి. తీర్మానంలో ఆరు లక్షలు, ప్రణాళికలో ఐదు లక్షల ఎనభై వేలు అని ఉంటే ఫైలు వెనక్కి వస్తుంది. పది లక్షల లోపు సంఘం అప్పుకు హామీ అడగకూడదని, పొదుపు ఖాతాలో డబ్బును తాకట్టుగా ఆపి ఉంచకూడదని కూడా ఆ సూచనల్లోనే ఉంది. ఎవరన్నా పొదుపు ఖాతాలోని ముప్పై రెండు వేలు అలా ఉంచేయండి అంటే గొడవపడకుండా సీసీ మేడంకు చెప్పండి, ఆమె మాట్లాడుతుంది.

ఆ రోజు మీటింగులో వరస ఇలా పెట్టుకోండి. మెట్ల బొమ్మ ముందు, వాళ్లు ఎదురుచూసేది అదే. తర్వాత గళ్ల పట్టిక, దాని కింది రెండు కడ్డీలు. చివర అంతర్గత అప్పులు. ప్రతి షీటు కింద మూలన ఏ పుస్తకం, ఏ పేజీ అని రాసి ఉండాలి: పొదుపు లెడ్జర్, అప్పుల లెడ్జర్, నగదు పుస్తకం, తీర్మానాల పుస్తకం, ఏదైతే అది. ఆఫీసర్లు సాధారణంగా ఒకట్రెండు అంకెలు ఎంచుకుని పుస్తకంలో చూపించమంటారు. మేము ఎక్కువగా అడిగేది అన్నింటికన్నా పెద్ద అంతర్గత అప్పు, లేదా ఏదో ఒక సభ్యురాలి వ్యక్తిగత పాస్‌బుక్. అందుకని ఆ పేజీల్లో ముందే చీటీలు పెట్టుకోండి. సభ్యులందరి పాస్‌బుక్కులు ఆ రోజు మీటింగులోనే ఉండాలి. సభ్యురాలి పాస్‌బుక్‌లో 24,000 అని ఉండి లెడ్జర్లో 22,000 అని ఉంటే మీ మూడు షీట్లూ వృథా, కాబట్టి ముందు రోజే పది పాస్‌బుక్కులూ లెడ్జర్‌తో పోల్చి చూడండి.

చెప్పేది మీరొక్కరే చెప్పకండి. మెట్ల బొమ్మను మొదటి లీడర్, గళ్ల పట్టికను లీడర్ కాని సభ్యురాలు చెబితే మంచిది. రాయడం రాకపోయినా గళ్లు చదవడం పది నిమిషాల్లో వస్తుంది. జూలైలో గీత ఎందుకుందని ఆఫీసర్ అడిగినప్పుడు ఆ గీత ఉన్న వరస మనిషే జవాబు చెప్పగలిగితే, ఈ లెక్కలు బుక్‌కీపర్ ఒక్కరే రాసినవి కావని వాళ్లకు తెలిసిపోతుంది. షీట్లు ఒక్కోటి మూడు కాపీలు తీయండి, ఒకటి గోడకు, ఒకటి ఫైలుకు, ఒకటి మీకు. వాళ్లు ఫైలుకు తీసుకెళ్లే కాపీ మీద ఇద్దరు లీడర్ల సంతకాలు, తేదీ, సంఘం ముద్ర వేసి ఇవ్వండి. మీ కాపీ మీద ఫీల్డ్ ఆఫీసర్‌తో చూసినట్టు సంతకం పెట్టించుకోండి. మేనేజర్ బదిలీ అయి కొత్తాయన వస్తే మళ్లీ మొదటి నుంచి చెప్పుకునే పని కొంత తప్పుతుంది.